తెమడ పరీక్ష: స్లైడు చెప్పేది ఒకటి, యంత్రం చెప్పేది ఒకటి



ఓ.పి.లో చీటీలు పట్టుకుని వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మ గారూ, ఒక రిపోర్టులో టీబీ లేదని రాశారు. ఇంకో రిపోర్టులో ఉందని రాశారు. ఏది నమ్మాలి?" చాలాసార్లు ఆ రెండు రిపోర్టులూ సరైనవే. ఒకే మనిషి తెమడను రెండు పద్ధతుల్లో చూసినప్పుడు ఒక్కో పద్ధతి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఏ కాగితం ఏ ప్రశ్నకు జవాబో తెలియక మందులు మొదలుపెట్టవలసినవారు ఆగిపోతున్నారు, ఆపవలసినవారు మళ్ళీ మొదలుపెడుతున్నారు. అందుకని ఈసారి తెమడ పరీక్ష గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక రోగి సంగతి చెబుతూ వెళితే సులువుగా అర్థమవుతుంది. పేరు, ఊరు చెప్పను. వయసు నలభై దాటింది. నడికుడి నుంచి పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల్లో పనిచేసే మనిషి. రెండు నెలలుగా దగ్గు. "దుమ్ములో పని కదా, దుమ్ము దగ్గేలే" అని ఆర్.ఎం.పి. దగ్గర సిరప్పులు తాగుతూ గడిపారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, చొక్కా వదులవడం చూసి భార్య బలవంతాన తీసుకొచ్చింది. అప్పటికి బరువు 44 కిలోలు.

మన ప్రాంతంలో ఈ దుమ్ము దగ్గు అనే మాట చాలా ఆలస్యం చేయిస్తుంది. సున్నపు దుమ్ము టీబీని పుట్టించదు. టీబీని పుట్టించేది క్రిమి మాత్రమే. అయితే రాయి కోసేచోట, పాలిష్ పెట్టేచోట లేచే దుమ్ములో సిలికా ఉంటే అది ఊపిరితిత్తుల్లో చేరి ఆ క్రిమికి దారి తేలిక చేస్తుంది. కాబట్టి దుమ్ములో పనిచేసేవారు రెండు వారాలు దగ్గితే తెమడ పరీక్షకు మిగతావారికంటే ముందు రావాలి.

తెమడ ఎలా ఇవ్వాలి?

పరీక్ష తప్పిపోవడం చాలాసార్లు ల్యాబులో కాదు, డబ్బీలోనే మొదలవుతుంది. ఈయన మొదట ఇచ్చిన డబ్బీ మూత తీసి చూస్తే నీళ్ళలా పలుచగా, పైన నురుగుతో ఉంది. అది ఉమ్ము. టీబీ క్రిములు నోట్లో కాదు, ఊపిరితిత్తుల లోతుల్లో ఉంటాయి. ఉమ్ము పరీక్షిస్తే జబ్బు ఉన్నవారికి కూడా లేదనే రావచ్చు. తెమడ అయితే చిక్కగా, సాగుతూ, కొంచెం పసుపుగానో ఆకుపచ్చగానో ఉంటుంది. డబ్బీని వంచితే ఉమ్ములాగా పరుగెత్తదు, మెల్లగా జారుతుంది.

మా సిస్టరు ఆయన్ను వెనుక ఆవరణలో వేపచెట్టు దాటి ఎండ, గాలి తగిలే చోటికి తీసుకెళ్ళింది. తెమడ తీసేటప్పుడు గదిలో, వరండాలో, బాత్రూములో ఉండకూడదు. దగ్గుతో వచ్చే తుంపర్లు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. బయట గాలి వాటిని చెదరగొడుతుంది, ఎండ క్రిమిని చంపుతుంది. సిస్టరు కూడా ఎదురుగా నిలబడదు, గాలి వచ్చే వైపు పక్కగా నిలబడుతుంది.

ముందు మంచినీళ్ళతో నోరు పుక్కిలించమన్నది. ఆకువక్క, ఖైనీ, అన్నం మెతుకులు నోట్లో ఉంటే అవి డబ్బీలో పడి పరీక్షను చెడగొడతాయి. మౌత్‌వాష్‌లు వాడవద్దు, ఉత్త నీళ్ళు చాలు. తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చి, కొన్ని క్షణాలు ఆపి, మెల్లగా వదలాలి. అలా రెండుసార్లు చేసి, మూడోసారి ఊపిరి పీల్చి కడుపులోంచి బలంగా దగ్గాలి. గొంతు సవరించుకోవడం వేరు, ఇలా దగ్గడం వేరు. వచ్చిన తెమడను డబ్బీని పెదవికి దగ్గరగా పెట్టుకుని అందులోనే ఉమ్మాలి. అంచులకు, బయటికి అంటకూడదు. కనీసం రెండు మిల్లీలీటర్లు కావాలి, అంటే చిన్న చెంచాలో సగం కంటే కాస్త తక్కువ. చెంచాడు వస్తే ఇంకా మంచిది. ఒక్క దగ్గులో రాకపోతే కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి.

మూత బిగించాక పేరు, నంబరు డబ్బీ ఒంటి మీద రాస్తాం. మూత మీద రాయం. ల్యాబులో పది మూతలు ఒకేసారి తీస్తే ఎవరి మూత ఎవరి డబ్బీ మీదికి పోయిందో తెలియదు.

ఇంకో డబ్బీ ఇంటికిచ్చి, తెల్లవారి లేచిన వెంటనే తీసి తెమ్మన్నాం. రాత్రంతా లోపల పేరుకున్న తెమడ తెల్లవారుజామున చిక్కగా వస్తుంది, క్రిములు దొరికే అవకాశం అందులో ఎక్కువ. అది ఆ పూటే ఆసుపత్రికి చేరాలి. మన పల్నాడు ఎండల్లో బస్సు కిటికీ పక్కన సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే, నోట్లోని మామూలు క్రిములు పెరిగి తెమడ చెడిపోతుంది. నీడలో, చల్లటి చోట ఉంచి తెండి. ఐసు మాత్రం పెట్టవద్దు, గడ్డకట్టకూడదు.

తెమడ రానివారికి, చిన్నపిల్లలకు దారి వేరుగా ఉంది. పెద్దవారికి ఉప్పునీటి ఆవిరి పట్టించి తెమడ వచ్చేలా చేస్తారు. పిల్లలు తెమడను మింగేస్తారు కాబట్టి, తెల్లవారి ఏమీ తినకముందే ముక్కు గొట్టం ద్వారా కడుపులోని ద్రవం తీసి పరీక్షిస్తారు. తల్లులు అది చూసి భయపడతారు. కొద్ది నిమిషాల పనే.

ఎర్రరంగు స్లైడు

మొదటి పద్ధతి స్లైడు పరీక్ష. రిపోర్టులో ఏ.ఎఫ్.బి. అని ఉంటుంది. యాసిడ్ ఫాస్ట్ బాసిలై అనే మాటకు అది పొట్టి రూపం, అంటే యాసిడ్ పోసినా రంగు వదలని క్రిములు అని. జర్మనీలో రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ఈ క్రిమిని లోకానికి చూపించాడు. యాసిడ్‌కు రంగు వదలదన్న సంగతి అదే ఏడాది పాల్ ఎర్లిక్ కనిపెట్టాడు. ఆ పద్ధతికి జీల్, నీల్సన్ అనే ఇద్దరు మెరుగులు దిద్దారు. అందుకే దాన్ని జీల్ నీల్సన్ పద్ధతి అంటారు. 1910ల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి క్షయ శానిటోరియం పెట్టినప్పుడు టీబీకి పనిచేసే మందంటూ ఏదీ లేదు. కానీ స్లైడు మాత్రం అప్పటికే ఉంది.

చేసే విధానం ఇది. తెమడలో బాగా చిక్కగా, పసుపుగా ఉన్న భాగాన్ని పుల్లతో తీసి గాజుపలక మీద పలుచగా పూస్తారు. ఆరిన తర్వాత మంట మీద రెండు మూడుసార్లు ఆడించి అతుక్కునేలా చేస్తారు. పైన కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి, అడుగు నుంచి ఆవిరి లేచేదాకా వేడి చేస్తారు. మరగనివ్వకూడదు. అయిదు నిమిషాలు ఆగి కడుగుతారు. టీబీ క్రిమి ఒంటిమీద మైనం లాంటి మందపు పొర ఉంటుంది. వేడికి ఆ మైనం మెత్తబడి రంగు లోపలికి దిగుతుంది, చల్లారాక మైనం రంగును పట్టేసుకుంటుంది. అప్పుడు గంధకపు యాసిడ్, 25 శాతంది, పోస్తారు. మిగతా క్రిములన్నీ ఎర్రరంగు వదిలేస్తాయి, టీబీ క్రిమి వదలదు. చివర నీలం రంగు పోస్తే, నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లా అవి మైక్రోస్కోపులో కనిపిస్తాయి. కుష్ఠు క్రిమి కూడా ఈ కుటుంబానిదే, అదీ ఇలాగే రంగు పట్టుకుంటుంది. ఇప్పుడు చాలా ల్యాబుల్లో ఎర్రరంగుకు బదులు చీకట్లో పసుపుగా మెరిసే ఆరమిన్ రంగు వాడుతున్నారు. సూత్రం అదే.

స్లైడు రిపోర్టులో ఉండే 1+, 2+, 3+ అంటే క్రిముల లెక్క. ఎర్రరంగు స్లైడులో వంద చూపులు, అంటే మైక్రోస్కోపును వంద చోట్లకు జరిపి చూస్తే, ఒకటి నుంచి తొమ్మిది క్రిముల వరకు కనిపిస్తే స్కాంటీ అని ఎన్ని కనిపించాయో అంకె వేస్తారు. పది నుంచి తొంభై తొమ్మిదైతే 1+. చూపుకు ఒకటి నుంచి పది దాకా ఉంటే 2+, పది దాటితే 3+. అంకె పెరిగేకొద్దీ ఇంట్లో మిగతావారికి సోకే అవకాశం ఎక్కువ. అంతేగాని 3+ వచ్చినవారికి నయం కాదని అర్థం కాదు. ఈ మాట వార్డులో రోజూ చెప్పవలసి వస్తోంది.

ఇక స్లైడు బలహీనత. ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు అయిదు వేల నుంచి పది వేల క్రిములుంటేనే స్లైడులో కంటికి ఆనతాయి. రెండు వేలుంటే మనిషికి జబ్బు ఉన్నట్టే, స్లైడుకు మాత్రం లేనట్టే. చిన్నపిల్లల్లో, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో, జబ్బు మొదట్లో ఉన్నవారిలో క్రిములు ఇలా తక్కువగా ఉంటాయి. మనం చెప్పుకుంటున్న ఆయనకు రెండు స్లైడులూ నెగెటివ్ వచ్చాయి. భార్య ఊపిరి పీల్చుకుని "ఇంకేం, ఇంటికెళ్ళమంటారా?" అంది. డాక్టరు గారు వద్దన్నారు. ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ ఉంది, జ్వరం తగ్గలేదు. తెల్లవారు తెచ్చిన తెమడలో మిగిలింది చల్లటి పెట్టెలో పెట్టి, యంత్రమున్న ప్రభుత్వ కేంద్రానికి పంపారు.

యంత్రం ఎలా చూస్తుంది?

ఈ యంత్రపు పరీక్షల్లో మన రాష్ట్రంలో వాడుకలో ఉన్నవి రెండు, సీబీనాట్, ట్రూనాట్. రెండూ క్రిమిని కంటితో చూడవు, దాని డీఎన్ఏను వెతుకుతాయి. సీబీనాట్‌లో తెమడకు రెండింతల మందుద్రవం కలిపి, బాగా కుదిపి, పావుగంట ఉంచుతారు. తెమడ పలుచబడుతుంది. ఆ ద్రవం రెండు మిల్లీలీటర్లు ఒక ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో పోసి యంత్రంలో పెడతారు. లోపల క్రిమిని పగలగొట్టి, డీఎన్ఏ బయటికి తీసి, దాన్ని మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పది రెట్టింపులకే ఒకటి వెయ్యి దాటుతుంది. అందుకే మిల్లీలీటరుకు నూటముప్పై క్రిములున్నా పాత రకం కార్ట్రిడ్జి పట్టేస్తుంది, అల్ట్రా అనే కొత్త రకం పదహారున్నా పడుతుంది. స్లైడుకు వేలు కావాలి, యంత్రానికి పదులు చాలు. ఫలితం రెండు గంటల లోపే వస్తుంది. ట్రూనాట్ మన దేశంలోనే తయారవుతుంది, బ్యాటరీ మీద నడుస్తుంది, కాబట్టి కరెంటు సరిగా లేని చిన్న ఆసుపత్రుల్లోనూ పెట్టవచ్చు. దీన్ని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది.

ఈ యంత్రాలు ఇంకో పని కూడా చేస్తాయి. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ ఆ క్రిమి మీద పనిచేస్తుందో లేదో చెబుతాయి. మూత్రం ఎర్రగా వస్తోందని మీరు కంగారుపడేది ఆ మందు వల్లనే. ట్రూనాట్‌లో దీనికి రెండో చిప్పు వేయాలి, ఇంకో గంట పడుతుంది.

ఆయన రిపోర్టులో ఇలా వచ్చింది:

```
MTB DETECTED LOW
Rif Resistance NOT DETECTED
```

మొదటి వరుస, టీబీ క్రిమి డీఎన్ఏ దొరికింది, కొద్దిగా ఉంది అని. రెండో వరుసే చాలామందిని తికమక పెడుతుంది. నాట్ డిటెక్టెడ్ అని చూసి జబ్బు లేదనుకుంటారు. అక్కడ లేనిది జబ్బు కాదు, మందుకు లొంగని గుణం. అంటే మామూలు మందులతోనే నయమవుతుంది, మంచి కబురు. అదే వరుసలో డిటెక్టెడ్ అని ఉంటే రిఫాంపిసిన్ పనిచేయదని. అప్పుడు మందుల వరస మారుతుంది, మిగతా మందుల పరీక్షలకు తెమడను పెద్ద ల్యాబుకు పంపుతారు. ఇంతకు ముందెప్పుడూ టీబీ మందులు వాడనివారికి అలా వస్తే, ఖాయం చేసుకోవడానికి రెండో తెమడ అడగవచ్చు. విసుక్కోకుండా ఇవ్వండి.

ఇవిగాక మరికొన్ని మాటలు రావచ్చు. `MTB NOT DETECTED` అంటే ఆ తెమడలో డీఎన్ఏ దొరకలేదని. లక్షణాలు, ఎక్స్‌రే గట్టిగా టీబీ వైపు చూపిస్తుంటే డాక్టరు అంతటితో ఆగరు. `MTB DETECTED TRACE` అంటే అతి స్వల్పంగా, జాడ మాత్రంగా ఉందని. ఇంత తక్కువ డీఎన్ఏ మీద మందు సంగతి యంత్రం తేల్చలేదు. పిల్లల్లో, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో దీన్ని టీబీగానే లెక్కిస్తారు. మిగతావారిలో మరో తెమడ చూసి నిర్ణయిస్తారు. `ERROR`, `INVALID` అని వస్తే అది మీ జబ్బు గురించి చెప్పే మాట కాదు. తెమడలో రక్తం ఎక్కువుండటం, మెతుకులు అడ్డుపడటం, కరెంటు పోవడం లాంటి కారణాలతో పరీక్ష పూర్తి కాలేదని అర్థం. మళ్ళీ తెమడ ఇస్తే సరిపోతుంది.

ఆయన మామూలు కోర్సు మొదలుపెట్టారు. రోజూ మూడు మాత్రలు, ఆ బరువుకు అంతే. రెండు నెలలు నాలుగు మందుల మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందుల మాత్ర. రెండో నెల చివర, ఆరో నెల చివర తెమడ స్లైడు చూశాం, రెండూ నెగెటివ్. బరువు 49కి వచ్చింది. బట్టీ పనికి వెళ్ళడం మొదలుపెట్టారు.

కోర్సు అయిన తర్వాత వచ్చిన కాగితం

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. మందులు ఆపిన నెలన్నరకు జలుబు చేసి దగ్గు వచ్చింది. బావమరిది కంగారుపడి, టౌనులో ఒక ల్యాబుకు తీసుకెళ్ళి డబ్బు కట్టి సీబీనాట్ చేయించాడు. `MTB DETECTED VERY LOW` అని వచ్చింది. జబ్బు తిరగబెట్టిందని, ఈసారి పెద్ద మందులే వాడాలని ఎవరో చెప్పారట. పక్కింటివాళ్ళు పిల్లల్ని వాళ్ళింటికి పంపడం మానేశారు. భార్య ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఆరు నెలలూ ఒక్క రోజు తప్పకుండా నా చేత్తో మింగించాను సిస్టరమ్మా, ఇదేంటి?" అని ఏడ్చింది.

ఇక్కడే రెండు పరీక్షల తేడా తెలుసుకోవాలి. యంత్రం చూసేది డీఎన్ఏను. ఆ డీఎన్ఏ బతికున్న క్రిమిదా, మందులకు చచ్చిన క్రిమిదా అన్నది దానికి తెలియదు. ఊపిరితిత్తిలో పుండు మానినా చచ్చిన క్రిముల ముక్కలు నెలల తరబడి, కొందరిలో ఏళ్ళ తరబడి, తెమడతో వస్తూనే ఉంటాయి. కాబట్టి జబ్బు మొదట్లో కనిపెట్టడానికి యంత్రం ఎంత మంచిదో, మందులు పనిచేశాయా లేదా చూడటానికి అంత పనికిరాదు. అందుకే చికిత్స మధ్యలో, చివర్లో మేము స్లైడే వేస్తాం. మందులు పనిచేస్తుంటే క్రిముల సంఖ్య పడిపోతుంది, స్లైడు ఆ పడిపోవడాన్ని చూపిస్తుంది. స్లైడులోనూ చచ్చిన క్రిమి కొన్నాళ్ళు కనిపించవచ్చు, అందుకే రెండో నెలలో ఒక స్లైడు పాజిటివ్ వచ్చినంత మాత్రాన మందులు విఫలమయ్యాయని వెంటనే అనరు.

క్రిమి బతికుందో లేదో చెప్పే పరీక్ష ఒకటే, కల్చర్. తెమడలో ఉన్నదాన్ని ఆహారం పెట్టి పెంచి చూస్తారు. బతికున్నది పెరుగుతుంది, చచ్చినది పెరగదు. అయితే టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ద్రవంలో పెంచితే నెగెటివ్ అని తేల్చడానికి ఆరు వారాలు ఆగాలి.

డాక్టరు గారు ఆ కాగితం ఒక్కటే చూసి మందులు మొదలుపెట్టలేదు. అలాగని తోసిపారేయలేదు కూడా, ఎందుకంటే టీబీ నిజంగానే తిరగబెట్టవచ్చు, తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. జ్వరం లేదు, ఆకలి బాగుంది, బరువు తగ్గలేదు. ఎక్స్‌రేను పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే మచ్చ చిన్నదై, గీతలా మిగిలింది. రెండు స్లైడులూ నెగెటివ్. తెమడను కల్చర్‌కు పంపి, జలుబుకు మాత్రం మందిచ్చి ఇంటికి పంపారు. వారం రోజుల్లో ఆ దగ్గు తగ్గింది. నలభై రెండు రోజులయ్యాక కల్చర్ రిపోర్టు వచ్చింది, క్రిమి పెరగలేదు.

ఆయనకు మళ్ళీ మాత్రలు ఇవ్వలేదు. కోర్సు ముగిసిన నాటి నుంచి రెండేళ్ళ పాటు ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలని, ఈలోగా రెండు వారాలు దాటిన దగ్గు గాని, సాయంత్రపు జ్వరం గాని వస్తే ముందే రావాలని చీటీ మీద తేదీలతో రాసిచ్చాం. వచ్చేటప్పుడు మొదటి రిపోర్టు నుంచి అన్ని కాగితాలూ, రెండు ఎక్స్‌రేలూ ఒకే కవరులో పెట్టుకుని తెమ్మన్నాం. కొత్త ల్యాబుకు వెళితే, పరీక్షకు ముందే "నేను టీబీ కోర్సు పూర్తి చేశాను, ఫలానా నెలలో ఆపాను" అని చెప్పమన్నాం. ఆ మాట తెలిస్తే డాక్టరు అదే కాగితాన్ని వేరుగా చదువుతారు.

- నర్సింగ్ సూపరింటెండెంట్